పుస్తకంలో బొమ్మగా ఉన్న రసాయన చర్యల వరుసను మాటల్లో రాయడం ఎలా

ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీలో ఎమీన్ల పాఠం తెరవండి. సమీకరణాలు చాలావరకు అచ్చు అక్షరాలుగా కాదు, బొమ్మలుగా ఉంటాయి. ఒక షడ్భుజి, దాని నెత్తిన NH2, పక్కన బాణం, బాణం మీద రెండు చిన్న ఫార్ములాలు, ఆ తర్వాత ఇంకో షడ్భుజి. స్క్రీన్ రీడర్‌తో చదువుకునే విద్యార్థికి ఈ వరుస మొత్తం "ఇమేజ్" అన్న ఒక్క మాటగా వినిపించి అయిపోతుంది. ఫోన్‌లో నోట్సు టైపు చేసుకునేవాళ్లకీ, ఫోన్లో ఇంకొకరికి పాఠం చెప్పేవాళ్లకీ ఇదే చిక్కు. ఆ బొమ్మని ఒక్కో చర్యకి ఏవి తీసుకున్నారు, ఏ పరిస్థితిలో జరిగింది, ఏం వచ్చింది అని వరుసగా మాటల్లోకి దించడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

ఇందులో కష్టమంతా బాణం దగ్గరే ఉంది. బాణం మీదా కిందా పుస్తకం రకరకాల వస్తువుల్ని ఒకే సైజు అక్షరాల్లో పడేస్తుంది. ఒకటి ఉత్పన్నంలోకి వెళ్లే పదార్థం, ఒకటి ఉత్ప్రేరకం, ఒకటి ఉత్త ద్రావణి, ఇంకొకటి ఉష్ణోగ్రత. కంటితో చూసేటప్పుడు వీటిని వేరు చేయకపోయినా పని జరిగిపోతుంది. జాబితాగా రాసేటప్పుడు మాత్రం ఏది ఏ వరసలోకి వెళ్లాలో మీరే తేల్చాలి.

ఉదాహరణగా ఎనిలీన్ నుంచి పారా బ్రోమోఎనిలీన్ తయారుచేసే వరుసని తీసుకుందాం. ఎమీన్ల పాఠంలో తప్పకుండా కనిపించే వరుస ఇది. బొమ్మలో ఎడమ నుంచి కుడికి నాలుగు రింగులుంటాయి. మొదటి రింగుకి NH2. తర్వాత బాణం, దాని మీద (CH3CO)2O, కింద పిరిడీన్. రెండో రింగుకి NHCOCH3. మళ్లీ బాణం, మీద Br2, కింద CH3COOH. మూడో రింగుకి పైన NHCOCH3, కింద Br. చివరి బాణం మీద OH– లేదా H+. నాలుగో రింగుకి పైన NH2, కింద Br.

మొదట లెక్క పెట్టండి

ఒక్క ఫార్ములా కూడా రాయకముందు పదార్థాలెన్ని, బాణాలెన్ని అని లెక్క వేయండి. మన బొమ్మలో పదార్థాలు నాలుగు, బాణాలు మూడు. తిన్నగా సాగే వరుసలో పదార్థాల కంటే బాణాలు ఎప్పుడూ ఒకటి తక్కువే. లెక్క కుదరలేదంటే ఎక్కడో కొమ్మ చీలిందన్నమాట, లేదా వరుస పేజీ చివరికి వచ్చి కింది లైనులోకి దిగిందన్నమాట. కింది లైను కుడి నుంచి ఎడమకి నడిచే బొమ్మలూ ఉంటాయి. అందుకే బొమ్మ ఏ వైపు ఉందని చూడకుండా బాణం మొన ఎటు ఉందో చూడండి.

బాణాలన్నీ చర్యలు కావు. మొన ఒక్కవైపే ఉంటే చర్య. ఎదురెదురుగా రెండు సగం బాణాలుంటే ద్విగత చర్య. ఒకే గీతకి రెండు మొనలుంటే అది చర్యే కాదు, రెజొనెన్స్ రూపాలు. దాన్ని జాబితాలో దశగా రాయకూడదు. వంపు బాణాలు ఎలక్ట్రాన్ల కదలికని చూపిస్తాయి, వాటికీ ఈ జాబితాలో చోటు లేదు.

లెక్క తేలాక ఆ సంఖ్యని మీ రాతలో మొదటి వాక్యంగా పెట్టండి: "ఈ బొమ్మలో నాలుగు పదార్థాలు, మూడు దశలు ఉన్నాయి, ఒక దశలో వచ్చిందే తర్వాతి దశకి మొదలు." వినేవాళ్లకి ముందే దారి తెలుస్తుంది. మధ్యలో ఒక దశ ఎగిరిపోయినా వాళ్లే పట్టుకుంటారు.

రింగుల్ని పేర్లుగా మార్చడం

షడ్భుజి కనిపించగానే బెంజీన్ అని రాసేయకండి. లోపల వలయం గానీ, ఒకటి విడిచి ఒకటిగా మూడు జంట గీతలు గానీ ఉంటేనే బెంజీన్, C6H6. లోపల ఏమీ లేకపోతే అది సైక్లోహెక్సేన్, C6H12. జిరాక్సు మీద జిరాక్సు తీసిన పేజీల్లో లోపలి గీతలు మాసిపోయి బెంజీన్ కాస్తా సైక్లోహెక్సేన్‌లా కనిపిస్తుంది. అనుమానం వస్తే పక్కనున్న పేరో పాఠంలోని వాక్యమో చూసి తేల్చుకోండి, మసక గీతని నమ్ముకోవద్దు.

తర్వాత స్థానాలు. "పైన NH2, కింద Br" అని రాస్తే అది కాగితం గురించిన సమాచారం, అణువు గురించినది కాదు. అదే అణువుని పక్క పేజీలో అడ్డంగా తిప్పి గీస్తారు, అప్పుడు పైనా ఉండదు, కిందా ఉండదు. NH2 ఉన్న కార్బన్‌ని 1 అనుకుని రింగు చుట్టూ లెక్కపెట్టండి. Br ఉన్న కార్బన్ ఎటు తిరిగినా 4వదే అయితే అది పారా. ఒకవైపు నుంచి 2, రెండోవైపు నుంచి 6 వస్తే ఆర్థో. 3, 5 వస్తే మెటా. రాసేటప్పుడు అంకె, మాట రెండూ ఇవ్వండి: "4-బ్రోమోఎనిలీన్, అంటే పారా బ్రోమోఎనిలీన్." పరీక్షలో ఏ పేరుతో అడిగినా గుర్తుపట్టాలి కదా.

రింగుకి ఎడమవైపు వేలాడే గ్రూపుల దగ్గర ఇంకో మెలిక ఉంది. కుడివైపున NH2 అని రాసేదాన్ని ఎడమవైపున H2N అని తిప్పి రాస్తారు. NO2 అక్కడ O2N అవుతుంది, OH అక్కడ HO అవుతుంది. NHCOCH3 అయితే H3COCHN అన్న గజిబిజిగా మారుతుంది. ఇవి మాటల్లోకి వచ్చేసరికి మామూలు రూపానికే రావాలి. అక్షరాల వరుస చూడకుండా రింగు నుంచి వచ్చిన గీత ఏ పరమాణువుకి తగిలిందో చూడండి. అసలు ప్రమాదం CN దగ్గర. బెంజోనైట్రైల్‌లో రింగుకి తగిలేది కార్బన్, అది C6H5CN. దాన్ని ఎడమవైపు గీస్తే NC అని కనిపిస్తుంది. ఎనిలీన్‌ని క్లోరోఫామ్, ఆల్కహాలిక్ KOHతో వేడి చేస్తే వచ్చే ఫినైల్ ఐసోసయనైడ్‌లో తగిలేది నైట్రోజన్, అది C6H5NC. రెండు పదార్థాలూ ఎమీన్ల పాఠంలోనే వస్తాయి. గీత చివర చూడకుండా అక్షరాలు మాత్రమే టైపు చేస్తే ఒకదాని బదులు ఇంకొకటి రాసేస్తారు.

బాణం మీదివాటిని విడదీయడం

ప్రతి బాణం దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీని పరమాణువులు కొత్త పదార్థంలోకి వెళ్లాయా? బాణానికి ముందున్నదాన్నీ తర్వాతున్నదాన్నీ పక్కపక్కన పెట్టి కొత్తగా వచ్చిందేమిటో, పోయిందేమిటో చూస్తే జవాబు దొరుకుతుంది.

మొదటి బాణం. ముందు C6H5NH2, తర్వాత C6H5NHCOCH3. నైట్రోజన్ మీది ఒక H పోయి COCH3 వచ్చింది. ఆ COCH3 ఇవ్వగలిగింది బాణం మీదున్న (CH3CO)2O, అంటే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్. కాబట్టి అది చర్యలో పాల్గొనే కారకం. పిరిడీన్ ముక్క ఒక్కటీ ఎసిటనిలైడ్‌లో లేదు. అది క్షారంగా పక్కనుండి సాయం చేస్తుంది, కాబట్టి పరిస్థితుల వరసలోకి వెళ్తుంది.

రెండో బాణం. రింగు మీద 4వ స్థానంలో H పోయి Br వచ్చింది. కాబట్టి Br2 కారకం. మరి CH3COOH? ఇక్కడ చాలామంది తడబడతారు. ఉత్పన్నంలో COCH3 కనిపిస్తోంది, బాణం కింద CH3COOH కనిపిస్తోంది, రెంటినీ కలిపేసి ఎసిటిక్ ఆమ్లమే ఆ గ్రూపుని తెచ్చిందనుకుంటారు. కానీ COCH3 బాణానికి ముందే అక్కడుంది. ఈ దశలో కొత్తగా చేరింది బ్రోమిన్ ఒక్కటే. ఎసిటిక్ ఆమ్లం ఇక్కడ ద్రావణి.

అలాగని ద్రావణిని రాయకుండా వదిలేయొచ్చా? వీల్లేదు. ఎసిటైల్ రక్షణ లేని ఎనిలీన్‌కి బ్రోమిన్ నీరు కలిపితే గది ఉష్ణోగ్రత దగ్గరే మూడు బ్రోమిన్లు ఒకేసారి ఎక్కి 2,4,6-ట్రైబ్రోమోఎనిలీన్ తెల్లటి అవక్షేపంగా దిగుతుంది. ఫినాల్‌దీ అదే తీరు. నీటిలో ట్రైబ్రోమోఫినాల్ వస్తే, తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కార్బన్ డైసల్ఫైడ్‌లో ఒక్క బ్రోమిన్‌తో ఆగుతుంది, పారా ఎక్కువగా వస్తుంది. ఫినాల్ దగ్గర కారకం రెండుచోట్లా Br2నే, తేడా తెచ్చింది బాణం కింది మాట. మీ జాబితాలో "బ్రోమిన్" అని మాత్రమే ఉంటే వినే విద్యార్థి ఏ ఉత్పన్నం ఊహించుకోవాలి?

ఇక పదార్థాల మధ్య ఉండే గుర్తులు. కామా ఉంటే రెండూ కలిసి ఉన్నాయని. అడ్డగీత, ఉదాహరణకి Sn/HCl, ఇది కూడా "కలిసి" అనే. "లేదా" ఉంటే రెంటిలో ఏదో ఒకటి చాలని. (i), (ii) అని ఉంటే ఒకటి పూర్తయ్యాక రెండోది వేయాలని. నాలుగింటినీ "మరియు" అనే ఒక్క మాటతో కలిపేస్తే కెమిస్ట్రీ తప్పిపోతుంది. నైట్రోబెంజీన్ నుంచి ఎనిలీన్ వచ్చే బాణం మీద "(i) Sn/HCl (ii) NaOH" అని ఉందనుకోండి. మొదట తగరం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసి నైట్రో గ్రూపుని క్షయకరణం చేస్తాయి. అప్పుడు చేతికొచ్చేది ఎనిలీన్ కాదు, అది ఆమ్లంతో కలిసి ఏర్పడిన లవణం. తర్వాత NaOH ఆ లవణం నుంచి ఎనిలీన్‌ని విడదీస్తుంది. మూడూ ఒకేసారి కలిపినట్టు రాస్తే, NaOH ముందు ఆమ్లాన్నే తటస్థం చేసేస్తుంది, క్షయకరణం జరగదు. కాబట్టి "ముందుగా", "ఆ తర్వాత" అని స్పష్టంగా రాయండి. నేనైతే ఇలాంటి బాణాన్ని రెండు ఉపదశలుగా విడగొడతాను.

మన మూడో బాణం మీద "OH– లేదా H+" ఉంది. ముందున్నది 4-బ్రోమోఎసిటనిలైడ్, తర్వాతున్నది 4-బ్రోమోఎనిలీన్. COCH3 పోయి దాని స్థానంలో H వచ్చింది. ఇది జలవిశ్లేషణ, అంటే అసలు పనిచేసింది నీరు. ఆ నీరే బొమ్మలో లేదు! OH– అయినా H+ అయినా సజల ద్రావణంలోనివే అని పుస్తకం మనకే వదిలేసింది. ఇలాంటి చోట బొమ్మలో లేనిదాన్ని రాయాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. రాయొచ్చు, కానీ బొమ్మలో ఉన్నదానితో కలిపేయకుండా "చేర్పు" అని వేరే వరసలో. విద్యార్థి పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయాల్సి రావచ్చు. ఏది పుస్తకానిది, ఏది మీది అన్నది తనకి తెలియాలి.

రాసిన జాబితా ఎలా ఉంటుంది

ఇప్పటిదాకా తేల్చినదాన్ని వరుసలో పెడితే ఇలా వస్తుంది.

ఈ బొమ్మలో నాలుగు పదార్థాలు, మూడు దశలు ఉన్నాయి. ఒక దశలో వచ్చిందే తర్వాతి దశకి మొదలు. ఉష్ణోగ్రతలు బొమ్మలో ఇవ్వలేదు.

దశ 1, ఎసిటైలీకరణం.
మొదలు: ఎనిలీన్, C6H5NH2.
కారకం: ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, (CH3CO)2O.
పరిస్థితి: పిరిడీన్.
ఉత్పన్నం: ఎసిటనిలైడ్, C6H5NHCOCH3.
చేర్పు: ఎసిటిక్ ఆమ్లం కూడా ఏర్పడుతుంది.

దశ 2, బ్రోమినీకరణం.
మొదలు: ఎసిటనిలైడ్.
కారకం: బ్రోమిన్, Br2.
పరిస్థితి: ద్రావణిగా ఎసిటిక్ ఆమ్లం, CH3COOH.
ఉత్పన్నం: 4-బ్రోమోఎసిటనిలైడ్. నైట్రోజన్ ఉన్న కార్బన్ 1 అయితే బ్రోమిన్ 4వ కార్బన్ మీద, అంటే పారా స్థానంలో.
చేర్పు: HBr కూడా ఏర్పడుతుంది.

దశ 3, జలవిశ్లేషణ.
మొదలు: 4-బ్రోమోఎసిటనిలైడ్.
పరిస్థితి: బొమ్మలో OH మైనస్ లేదా H ప్లస్, రెంటిలో ఏదైనా ఒకటి.
ఉత్పన్నం: 4-బ్రోమోఎనిలీన్. NH2 గ్రూపు 1వ కార్బన్ మీద, బ్రోమిన్ 4వ కార్బన్ మీద.
చేర్పు: నీరు చర్యలో పాల్గొంటుంది. విడిపోయిన ఎసిటైల్ భాగం ఆమ్లంలో ఎసిటిక్ ఆమ్లంగా, క్షారంలో ఎసిటేట్‌గా వస్తుంది.

చూశారు కదా, ప్రతి దశలోనూ మొదలు పదార్థాన్ని మళ్లీ పేరుతో చెప్పాం. "పై ఉత్పన్నం" అని రాస్తే టైపు చేసేవాళ్లకి సులువే. వినేవాళ్లు మాత్రం దశ 3 మధ్యలోంచి మొదలుపెడితే ఆ "పై" ఏదో తెలియక వెనక్కి పోవాలి. ప్రతి దశా విడిగా తీసి చదివినా నిలబడాలి.

బొమ్మలో ఉత్పన్నం కింద "ప్రధానం" అని ఉంటే ఆ మాటని వదలకండి. అది ఉందంటే ఆర్థో ఐసోమర్ కూడా కొద్దిగా వస్తోందని అర్థం. లేకపోతే మీరు చేర్చకండి.

ఫార్ములాల్లో చిన్న అంకెల విషయం కూడా చెప్పాలి. అక్షరం కింద చిన్నగా వేసే 2, 3 లని స్క్రీన్ రీడర్లన్నీ ఒకేలా చదవవు. కొన్ని మామూలు అంకెగా పలుకుతాయి, కొన్ని దాటేస్తాయి. అందుకే C6H5NH2 అని మామూలు అంకెలతోనే టైపు చేయండి. ఆవేశాల్ని మాత్రం మాటల్లో పెట్టండి: OH మైనస్, H ప్లస్. తలమీద కూర్చునే చిన్న గీత పోయిందంటే అయాన్ కాస్తా వేరే పదార్థం అయిపోతుంది.

సరిపోయిందో లేదో చూడటం

రాసింది తప్పో ఒప్పో తెలుసుకోవడానికి బొమ్మనే మళ్లీ చూస్తే చాలదు. ఒకసారి తప్పుగా చూసిన కన్ను రెండోసారీ అలాగే చూస్తుంది. అణుభారాలతో చూడండి. ఎనిలీన్ 93. దానికి ఎసిటైల్ గ్రూపు చేరి H పోతే 43 కలిసి 1 తగ్గాలి, అంటే 42 పెరగాలి. ఎసిటనిలైడ్ 135, సరిపోయింది. బ్రోమిన్ చేరి H పోతే 80 కలిసి 1 తగ్గాలి. 135కి 79 కలిపితే 214, అది 4-బ్రోమోఎసిటనిలైడ్. ఎసిటైల్ పోయి H తిరిగొస్తే మళ్లీ 42 తగ్గి 172, అది 4-బ్రోమోఎనిలీన్. ఎక్కినంతా దిగాలి: 42 ఎక్కింది, 42 దిగింది. ఎక్కడైనా 1 తేడా వచ్చిందంటే ఏదో H రాయడం మరిచారు. 79 కంటే ఎక్కువ వచ్చిందంటే ఒకటి కంటే ఎక్కువ బ్రోమిన్లు వేశారు.

అయితే ఈ లెక్కకి స్థానాలు తెలియవు. ఆర్థో అయినా పారా అయినా భారం ఒకటే. స్థానం చూసుకోవడానికి ప్రతి అణువుని, నిర్మాణాన్ని అక్షరాలు, అంకెలతో చెప్పే SMILES పద్ధతిలో ఒక లైనుగా రాసి, ఆ లైను నుంచి బొమ్మ గీసే వెబ్ పనిముట్టు PubChem Sketcher లో పెట్టి, అది గీసే బొమ్మని పుస్తకంతో పోల్చండి. మన నాలుగు పదార్థాలు ఇలా:

```
Nc1ccccc1
CC(=O)Nc1ccccc1
CC(=O)Nc1ccc(Br)cc1
Nc1ccc(Br)cc1
```

చిన్న c అంటే బెంజీన్ రింగులోని కార్బన్. మొదటి c1 దగ్గర రింగు తెరుచుకుని చివరి c1 దగ్గర మూసుకుంటుంది. నాలుగో లైనులో N తగిలిన కార్బన్ ఒకటోది, దాని నుంచి లెక్కపెడితే Br నాలుగోదాని మీద ఉంది. అదే Nc1ccccc1Br అని రాస్తే ఆర్థో అయిపోతుంది. ఈ లైన్లు తనిఖీ కోసమే. విద్యార్థికిచ్చే జాబితాలో పెట్టక్కర్లేదు, "c c c c" అని వినడం ఎవరికీ ఇష్టముండదు.

కొమ్మలు చీలే బొమ్మలు

ఎమీన్ల పాఠంలో ఇంకో బొమ్మ ఉంటుంది: మధ్యలో బెంజీన్ డయాజోనియం క్లోరైడ్, దాని నుంచి అన్ని వైపులకీ బాణాలు. దీన్ని తిన్నగా రాసుకుంటూ పోతే క్లోరోబెంజీన్ నుంచి బ్రోమోబెంజీన్ వచ్చిందని, దాని నుంచి బెంజోనైట్రైల్ వచ్చిందని విన్నవాళ్లు అనుకుంటారు. అందుకే మొదటి వాక్యంలోనే చెప్పేయాలి: "ఒకే పదార్థం నుంచి విడివిడిగా జరిగే చర్యలు; ఒక శాఖకీ ఇంకో శాఖకీ సంబంధం లేదు." ఆ పైన బొమ్మలో నెత్తిమీది బాణం నుంచి గడియారం తిరిగే వైపుగా శాఖ 1, శాఖ 2 అని అంకెలు వేసుకుంటూ వెళ్లండి. అ, ఆ, ఇ, ఈ అని పెట్టకండి, వినేటప్పుడు హ్రస్వదీర్ఘాలు కలిసిపోతాయి.

శాఖకొక వాక్యం చాలు. "శాఖ 1: బెంజీన్ డయాజోనియం క్లోరైడ్ నుంచి, CuCl, HCl కలిసి, క్లోరోబెంజీన్, సాండ్‌మేయర్ చర్య. శాఖ 2: అదే పదార్థం నుంచి, రాగి పొడి, HCl కలిసి, క్లోరోబెంజీన్, గాటర్‌మాన్ చర్య." రెండింటి ఉత్పన్నం ఒకటే. తేడా అంతా ఒకదానిలో రాగి లవణం, రెండోదానిలో రాగి లోహం అన్నదే. CuCl అన్నచోట Cu అని పడితే చర్య పేరే మారిపోతుంది. ఫ్లోరోబెంజీన్ శాఖలో బాణాలు రెండుంటాయి: HBF4తో ముందు డయాజోనియం ఫ్లోరోబోరేట్ వస్తుంది, దాన్ని వేడి చేస్తే ఫ్లోరోబెంజీన్ వస్తుంది. ఈ ఒక్క శాఖని "శాఖ 5, మొదటి మెట్టు", "శాఖ 5, రెండో మెట్టు" అని రాయండి.

ఇక డయాజోనియం లవణం తయారయ్యే బాణం మీద ఉష్ణోగ్రత ఉంటుంది: NaNO2, HCl, 273 నుంచి 278 K. ఈ అంకెల్ని అలంకారం అనుకుని వదిలేస్తే చర్య చెడుతుంది. ఆ చల్లదనం తప్పితే డయాజోనియం లవణం నీటితో కలిసి విడిపోయి ఫినాల్ అవుతుంది, నైట్రోజన్ వాయువు బయటికి పోతుంది. K బదులు సెల్సియస్ డిగ్రీలు పడితే ఇంకా ఘోరం. 273 K అంటే మంచు కరిగే ఉష్ణోగ్రత, 273 °C అంటే మండే పొయ్యి. యూనిట్ పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఉంచండి. "0 నుంచి 5 °C" అన్నది చేర్పు వరసలో వేయొచ్చు.

ఫోన్‌తో ఫొటో తీసి అక్షరాలు లాగేవాళ్లకి

ఇప్పుడు చాలామంది పేజీని ఫొటో తీసి, అందులోని అక్షరాల్ని యాప్‌తో లాగుతున్నారు. వాక్యాలకి అది బాగానే పనిచేస్తుంది. బాణాల దగ్గర మాత్రం మీదున్నది ఒక లైనుగా, కిందున్నది ఇంకో లైనుగా విడిపోయి పక్క చర్యలవాటితో కలిసిపోతాయి. కాబట్టి బాణం మీది మాటల్ని చేత్తోనే టైపు చేయండి. యాప్ ఇచ్చినదాన్నే వాడితే కొన్నిటిని తప్పకుండా చూడండి. CuCl లో చివరి చిన్న l పెద్ద I గా మారి CuCI అవుతుంది. కంటికి తేడా తెలియదు, స్క్రీన్ రీడర్ మాత్రం "సి ఐ" అని చదువుతుంది. వేడి చేయడాన్ని సూచించే త్రిభుజం A అనే అక్షరంగా మారుతుంది, దాన్ని "వేడి చేయాలి" అని మాటల్లో పెట్టండి. H3PO2 లో 2 మసకగా ఉంటే 3 గా చదువుకుంటుంది. డయాజోనియం నుంచి బెంజీన్ ఇచ్చేది H3PO2. H3PO3 ఆ చర్యలో దాని నుంచి ఏర్పడేది. అంటే ఒక్క అంకె మారితే ఉపఉత్పన్నాన్ని తీసుకొచ్చి కారకం స్థానంలో కూర్చోబెట్టినట్టే. conc. అన్న పొట్టి మాటని "గాఢ" అని, dil. ని "విలీన" అని విప్పి రాయండి.

ప్రశ్నపత్రంలోని బొమ్మ అయితే

NEET, EAPCET ప్రశ్నల్లో ఇవే వరుసలు A, B, C అక్షరాలతో వస్తాయి. నైట్రోబెంజీన్, బాణం మీద Fe/HCl, A, తర్వాత NaNO2/HCl, 273 K, B, తర్వాత వేరే కారకం, C, C ఏమిటి? ఇలాంటివి రాసేటప్పుడు పాఠం కోసం చేసిన పనుల్లో సగం మానేయాలి. A ని ఎనిలీన్ అని రాయకూడదు. "ఎసిటైలీకరణం", "జలవిశ్లేషణ" లాంటి చర్య పేర్లు పెట్టకూడదు, ఆ పేరే జవాబు చెప్పేస్తుంది. చేర్పు వరస అసలే ఉండకూడదు. బాణం మీదివాటిని కారకం, ద్రావణి అని విడదీయడం కూడా ఒక్కోసారి సూచన ఇచ్చినట్టవుతుంది, కాబట్టి ఇక్కడ "బాణం మీద", "బాణం కింద" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి:

దశ 1. మొదలు: నైట్రోబెంజీన్. బాణం మీద: Fe, HCl. ఉత్పన్నం: A.
దశ 2. మొదలు: A. బాణం మీద: NaNO2, HCl. బాణం కింద: 273 K. ఉత్పన్నం: B.

జవాబు ఎంపికలు కూడా బొమ్మలుగానే ఉంటే, నాలుగింటినీ ఒకే పద్ధతిలో వర్ణించండి. ఒకదానికి "4-బ్రోమోఎనిలీన్" అని పేరు పెట్టి, ఇంకోదాన్ని "బెంజీన్ రింగు, 1వ కార్బన్ మీద NH2, 2వ కార్బన్ మీద Br" అని విప్పి చెబితే, పేరు పెట్టిందే జవాబేమో అని విద్యార్థికి అనుమానం వస్తుంది. నాలుగింటికీ పేర్లు గానీ, నాలుగింటికీ స్థానాల వర్ణన గానీ. ప్రశ్న పేర్లు పెట్టడం గురించే అయితే వర్ణన తప్ప వేరే దారి లేదు.